మిర్చి బేరంలో దుభాషి: ధర, డెలివరీ, చెల్లింపు మాటలపై తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు మిర్చి ఎగుమతిదారులకూ, ఇంగ్లిష్‌లో మాట్లాడే విదేశీ కొనుగోలుదారులకూ మధ్య కూర్చుని, ఒకరు చెప్పి ఆగాక ఆ మాటను రెండో భాషలో చెప్పే పని నాది. చెవిలో యంత్రం పెట్టుకుని వెంటవెంటనే చెప్పే పద్ధతి కాదిది. రెండు మూడు నిమిషాలు విని, కాగితం మీద గుర్తులు రాసుకుని, అప్పుడు చెప్పడం. దీన్ని కన్సెక్యుటివ్ ఇంటర్‌ప్రెటింగ్ అంటారు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఉదాహరణల్లోని ధరలు లెక్క అర్థం కావడానికి పెట్టినవే, ఏ రోజు మార్కెట్ రేట్లూ కావు.

## ధర చెప్పేటప్పుడు అంకె ఒక్కటి సరిగ్గా చెబితే సరిపోదా?

సరిపోదు. ధర అనేది ఎప్పుడూ అంకె ఒక్కటే కాదు. ఏ డబ్బులో, ఎంత బరువుకు, ఎలాంటి సరుకుకు, ఎక్కడి వరకు చేర్చి అన్న నాలుగు మాటలు దానితో కలిసి ఉంటాయి. ఇద్దరు తెలుగు వ్యాపారులు మాట్లాడుకుంటే ఈ నాలుగూ నోటితో చెప్పక్కర్లేదు. యార్డులో "పద్దెనిమిదిన్నర" అన్నారంటే క్వింటాకు 18,500 రూపాయలని అక్కడున్న హమాలీకి కూడా తెలుసు. బల్లకు అవతల కూర్చున్న మనిషికి అది తెలియదు. "ఎయిటీన్ అండ్ ఎ హాఫ్" అని చెప్పి ఊరుకుంటే ఆయన ఏమనుకోవాలి?

అందుకే యార్డు మాటను విప్పి చెప్పాలి: "పద్దెనిమిది వేల ఐదు వందల రూపాయలు, క్వింటాకు, అంటే వంద కిలోలకు." ఇది మాట కలపడం అవుతుందా అని కొందరికి అనుమానం. కాదు. చెప్పిన మనిషి మనసులో ఉన్నదీ, విన్న తెలుగువాడికి అర్థమయ్యేదీ ఇదే. అయితే ఆ విప్పడంలో మీకు కాస్త సందేహం ఉన్నా ఊహించవద్దు, అడగండి. టిక్కీ లెక్కలో మాట్లాడితే తప్పకుండా అడగాలి. టిక్కీ అంటే బస్తా. దాని బరువు నలభై కిలోలా, నలభై ఐదా అన్నది సరుకును బట్టి మారుతుంది. "వెయ్యి టిక్కీలు" అన్నమాటను టన్నుల్లోకి మీరే మార్చారంటే, ఆ లెక్కకు పూచీ మీదే అవుతుంది.

సరుకు పేర్లలోనూ ఇలాంటి చిక్కే ఉంది. గుంటూరులో "ఏసీ కాయలు" అంటే కోల్డ్ స్టోరేజీలో దాచి తీసిన కాయలు, "నాన్ ఏసీ" అంటే దాచకుండా నేరుగా వచ్చినవి. కొత్త దుభాషి ఒకరు దీన్ని అక్షరాలా "ఎయిర్ కండిషన్డ్ చిల్లీస్" అని చెప్పడం నేను విన్నాను. కొనుగోలుదారు చాలాసేపు కంటెయినర్‌లో చల్లదనం గురించే ప్రశ్నలు వేశాడు. "కోల్డ్ స్టోర్డ్" అని ఉంటే ఆ గందరగోళమే ఉండేది కాదు. తాలు కాయల విషయమూ అంతే. రంగు వెలిసి తెల్లబారిన కాయలని వివరంగా చెప్పండి. ఎందుకంటే తాలు ఎంత శాతం ఉండవచ్చన్న దాని మీదే ధర ఆధారపడుతుంది.

## ఇంగ్లిష్‌లో చెప్పే అంకెల్లో ఏవి మోసం చేస్తాయి?

వెయ్యి దాటిన అంకెలను ఇంగ్లిష్‌వాళ్లు తరచుగా రెండేసిగా విడగొట్టి చెబుతారు. "ట్వంటీ త్రీ ఫిఫ్టీ" అంటే టన్ను ధర మాట్లాడుతున్నప్పుడు 2,350 డాలర్లు. అదే మాట వేరే చోట ఇరవై మూడు డాలర్ల యాభై సెంట్లు కావచ్చు. "నైన్‌టీన్ హండ్రెడ్" అంటే 1,900. ఇక "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" ఒకదానికొకటి ఎంత దగ్గరగా వినిపిస్తాయో ఫోన్‌లో మాట్లాడే ప్రతివాడికీ తెలుసు. అనుమానం వస్తే "వన్ ఫైవ్? లేక ఫైవ్ జీరో?" అని అంకెలు విడదీసి అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

మన వైపు చిక్కు అరలతో, పావులతో. "పావు తక్కువ రెండు" అంటే ఒకటిముప్పావు. వినగానే చెవికి తగిలేది "రెండు". రాసుకునేటప్పుడు మాటలను కాక 1.75 అని అంకెగానే రాయండి. మాటగా రాసుకుంటే చెప్పేటప్పుడు మళ్లీ లెక్క కట్టాలి. ఆ క్షణంలోనే తప్పు దొర్లుతుంది.

లక్షలు, కోట్ల విషయంలో ఒక మెట్టు గుర్తుంచుకుంటే చాలు: పది లక్షలు ఒక మిలియన్, ఒక కోటి పది మిలియన్లు, వంద కోట్లు ఒక బిలియన్. పన్నెండున్నర కోట్లు 125 మిలియన్లు. నేను నోట్‌బుక్ అట్ట లోపల ఈ మెట్లను పెద్ద అక్షరాలతో రాసి ఉంచుతాను. ఎన్నేళ్లుగా చేస్తున్నా టెన్షన్‌లో ఉన్నప్పుడు ఒక్కసారి దానివైపు చూస్తాను.

## రూపాయల్లో చెప్పిన ధరను డాలర్లలోకి నేనే మార్చి చెప్పవచ్చా?

వద్దు. ఎగుమతిదారు క్వింటాకు రూపాయల్లో చెబితే, అలాగే చెప్పండి. "డాలర్లలో ఎంత?" అని అవతలి మనిషి అడిగితే, ఆ ప్రశ్నను ఎగుమతిదారుకే అందించండి. ఏ మారకం రేటుతో లెక్క వేయాలో ఆయన ఇష్టం. పైగా యార్డు ధరకూ, ఎగుమతి ధరకూ మధ్య తొడిమ తీయించడం, గ్రేడింగ్, సంచులు, కిరాయి, వడ్డీ, లాభం అన్నీ ఉంటాయి. మీరు నోటి లెక్కతో ఒక డాలర్ అంకె చెప్పారంటే, మీకు తెలియకుండానే ఆయన తరఫున ఒక ధర కోట్ చేసినట్టు.

## ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ లాంటి మాటలను తెలుగు చేయాలా, అలాగే ఉంచాలా?

అలాగే ఉంచండి. మన ఎగుమతిదారులు వాటిని రోజూ వాడతారు. వాటికి తెలుగు మాటలు కల్పిస్తే వాళ్లే తికమకపడతారు. కానీ వాటి అర్థం మాత్రం మీకు బాగా తెలిసి ఉండాలి. ఇవి అంతర్జాతీయ వాణిజ్య మండలి నిర్ణయించిన మాటలు. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2020 నాటి కూర్పు.

ఎఫ్‌ఓబీ చెన్నై అంటే సరుకును చెన్నై రేవులో ఓడ ఎక్కించేవరకు ఖర్చూ, బాధ్యతా అమ్మేవాడివి. ఆపైన ఓడ కిరాయి కొనేవాడిది. సీఐఎఫ్ ఫెలిక్స్‌టో అంటే ఇంగ్లండ్‌లోని ఆ రేవు వరకు ఓడ కిరాయి, బీమా కూడా అమ్మేవాడే కడతాడు. చాలామంది పొరపడేది ఇక్కడే. సీఐఎఫ్‌లో కిరాయి అక్కడిదాకా కట్టినా, నష్టం బాధ్యత మాత్రం చెన్నైలో ఓడ ఎక్కగానే కొనేవాడికి మారుతుంది. దారిలో సరుకు తడిస్తే బీమా కంపెనీ దగ్గరకు వెళ్లాల్సింది కొనేవాడే. "సీఐఎఫ్ అంటే అక్కడ దింపేదాకా మా పూచీ" అని ఎవరైనా మీ ముందు అంటే, మీరు దిద్దవద్దు. ఆ మాటను అలాగే చెప్పండి. అవతలివాళ్లే దాన్ని పట్టుకుంటారు, లేదా ఇద్దరూ వివరంగా మాట్లాడుకుంటారు.

కంటెయినర్ సరుకుకు ఎఫ్‌సీఏ, అంటే చెప్పిన చోట రవాణాదారుకు అప్పగించడం, అనే మాట సరిపోతుందని అదే మండలి చెబుతుంది. ఎందుకంటే కంటెయినర్ ఓడ ఎక్కడానికి ముందే టెర్మినల్‌లో అప్పగించేస్తారు. అయినా మన దగ్గర చాలామంది ఎఫ్‌ఓబీ అనే అంటారు. దుభాషి పని వాళ్లన్నదే చెప్పడం.

కొన్నిసార్లు కొనుగోలుదారు ఇలాంటి మాటలేవీ వాడకుండా "డెలివర్డ్" అని ఊరుకుంటాడు. అప్పుడు మాత్రం అడిగి తీరాలి. రేవు వరకా, గోడౌన్ వరకా? ఈ రెండింటి మధ్య దిగుమతి రేవు ఖర్చులు, లారీ కిరాయి ఉన్నాయి.

## "ఇరవై రోజుల్లో పంపిస్తాం" అన్న మాటలో అంత చిక్కు ఏముంది?

ఇందులో మూడు చిక్కులున్నాయి. నా అనుభవంలో డెలివరీ తగాదాలన్నీ వీటిలో ఏదో ఒకదాని దగ్గరే మొదలయ్యాయి.

మొదటిది "పంపిస్తాం" అన్న క్రియ. తెలుగులో ఈ రూపం రేపు చేయబోయేదానికీ వాడతాం, ఎప్పుడూ చేసేదానికీ వాడతాం. "మేం ఇరవై రోజుల్లో పంపిస్తాం" అంటే "మామూలుగా మాకు ఇరవై రోజులు పడుతుంది" అని కావచ్చు, "ఈ ఆర్డర్‌ను ఇరవై రోజుల్లో పంపుతామని మాట ఇస్తున్నాం" అని కావచ్చు. ఇంగ్లిష్‌లో ఈ రెండింటికీ వేర్వేరు రూపాలు. "వి షిప్" అంటే అలవాటు, "వి విల్ షిప్" అంటే మాట ఇవ్వడం. మీరు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకోగానే ఒక వ్యాపారి మాటకు కొత్త బరువు ఇచ్చినట్టవుతుంది. సందర్భం స్పష్టంగా లేకపోతే ఆయన్నే అడగండి: "అండీ, ఇది మామూలుగా పట్టే సమయమా, ఈ ఆర్డర్‌కు ఇస్తున్న గడువా?"

రెండోది "పంపడం" ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది. గుంటూరు గోడౌన్ నుంచి లారీ కదలడం కూడా పంపడమే. చెన్నై రేవులో ఓడ ఎక్కడం కూడా పంపడమే. మధ్యలో దారి, కస్టమ్స్, టెర్మినల్ గడువులు, ఓడ ఆలస్యాలు ఉంటాయి. కొనుగోలుదారు "డెలివరీ" అంటే తన రేవుకు చేరడం అనుకుంటే, చెన్నై నుంచి ఇంగ్లండ్‌కు సముద్రంలో ఇంకొన్ని వారాలు కలుస్తాయి. ఇద్దరూ "ముప్పైలోగా" అనే ఒప్పుకుంటారు గానీ ఇద్దరి మనసుల్లోనూ వేర్వేరు ముప్పైలు ఉంటాయి. ఎగుమతి బేరంలో ఈ చిక్కు తీరే దారి ఒకటుంది. తేదీ దేనిదని అడిగితే, అనుభవమున్న వ్యాపారి తనే "బీఎల్ డేట్" అంటాడు. అంటే ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ మీద ఉండే, సరుకు ఓడ ఎక్కిన తేదీ. అది కాగితం మీద కనబడే తేదీ కాబట్టి వాదన ఉండదు.

మూడోది ప్రత్యయాలు. "ఇరవై రోజుల్లో", "ఇరవై రోజులకు", "ఇరవై రోజుల వరకు" అన్నవి మూడూ వేర్వేరు. మొదటిది ఆ గడువు లోపల అని, రెండోది ఆ గడువు గడిచాక అని, మూడోది అప్పటిదాకా అని. మాట్లాడేటప్పుడు మనవాళ్లు మొదటి రెండింటినీ తేలిగ్గా కలిపేస్తారు. ఇంగ్లిష్‌లో "బై", "అంటిల్" తేడా కూడా ఇలాంటిదే. "ధర పదిహేనో తేదీ అంటిల్ వ్యాలిడ్" అంటే ఆ రోజు దాకా ఆ ధర ఉంటుందని. "పదిహేనో తేదీ బై" అంటే ఆ రోజుకల్లా పని అయిపోవాలని. ఇవి నోట్స్‌లో చిన్న బాణాలుగా రాసుకోవచ్చు. తేదీ ముందు బాణం పెడితే "లోగా", తేదీ తర్వాత పెడితే "నుంచి" అని నేను అనుకుంటాను. మీకు ఏది అలవాటైతే అది పెట్టుకోండి. రోజూ మార్చకుండా ఉంటే చాలు.

## "నెలాఖరు", "వెంటనే" లాంటి మాటలను ఎంతవరకు పట్టించుకోవాలి?

చెల్లింపు లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద, అంటే సరైన కాగితాలు చూపితే డబ్బు ఇస్తానని కొనేవాడి బ్యాంకు ఇచ్చే ఎల్‌సీ మీద అయితే, చాలా పట్టించుకోవాలి. ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే నియమావళి ఒకటి ఉంది, దాన్ని యూసీపీ 600 అంటారు. 2007 జులై నుంచి అమల్లో ఉంది. మనం తేలిగ్గా వాడే మాటలకు అందులో లెక్కలు కట్టేశారు. నెల "మొదట్లో" అంటే 1 నుంచి 10 వరకు, "మధ్యలో" అంటే 11 నుంచి 20, "చివర్లో" అంటే 21 నుంచి ఆఖరి రోజు వరకు. ఒక తేదీకి "అటూ ఇటూగా" అని అర్థమొచ్చే "ఆన్ ఆర్ అబౌట్" అంటే ఆ తేదీకి ఐదు రోజుల ముందు నుంచి ఐదు రోజుల తర్వాత వరకు. పరిమాణం ముందు "సుమారు" అని ఉంటే పది శాతం ఎక్కువ తక్కువ కావచ్చు. "వెంటనే", "వీలైనంత త్వరగా" అన్నవాటిని మాత్రం బ్యాంకు అసలు లెక్కలోకే తీసుకోదు.

బల్ల దగ్గర నోటితో అన్న మాటకు ఈ నియమాలు వర్తించవు. కానీ సాయంత్రానికి ఆ మాటే ఎల్‌సీ దరఖాస్తులోకి ఎక్కుతుంది. మన ఎగుమతిదారు "నెలాఖరుకు" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ముప్పయ్యో తేదీ. అవతలి మనిషికి అది "ఎండ్ ఆఫ్ ద మంత్" అని చేరితే, ఎల్‌సీలో 21వ తేదీ నుంచే లెక్క అని అతను అనుకోవచ్చు. నేను మాటను మార్చను, అలాగే చెబుతాను. చెప్పి, ఆ వెంటనే రెండు భాషల్లోనూ "తేదీ చెబుతారా?" అని అడుగుతాను. పది సెకన్ల పని అది.

## చెల్లింపు మాటల్లో ఎక్కడ జాగ్రత్తపడాలి?

ఒక్క మాట దగ్గర జాగ్రత్తపడితే సగం పని అయినట్టే. ఆ మాట "బిల్లు". తెలుగులో బిల్లు అంటే అమ్మినవాడు ఇచ్చే ఇన్వాయిస్. ఎగుమతివాళ్ల నోట్లో బిల్లు అంటే బిల్ ఆఫ్ లేడింగ్ కూడా కావచ్చు. "మిగతాది బిల్లు రాగానే వేసెయ్యాలి" అన్నారనుకోండి. ఇన్వాయిస్ అయితే సరుకు గోడౌన్‌లో ఉండగానే పంపవచ్చు. బిల్ ఆఫ్ లేడింగ్ అయితే ఓడ ఎక్కాకే వస్తుంది. రెండింటి మధ్య వారం పది రోజుల తేడా, అంతకుమించి నమ్మకం తేడా ఉంది. ఓడ ఎక్కకముందే మొత్తం డబ్బు అడుగుతున్నారని కొనుగోలుదారు అనుకుంటే బేరం అక్కడే బిగుసుకుంటుంది.

ఆ తర్వాతది "డాక్యుమెంట్ల మీద డబ్బు". కాగితాల స్కాన్ కాపీ మెయిల్‌లో చూసి టీటీ ద్వారా, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా, డబ్బు వేయడం ఒక పద్ధతి. అసలు కాగితాలు బ్యాంకుకు పంపి, డబ్బు కట్టాకే బ్యాంకు వాటిని కొనేవాడికి ఇవ్వడం ఇంకో పద్ధతి. రెండింటినీ ఇంగ్లిష్‌లో "అగైనెస్ట్ డాక్యుమెంట్స్" అని ఒకే ఊపిరిలో అనేస్తారు. "కాపీయా, ఒరిజినలా?" అన్న చిన్న ప్రశ్న అడగాలి. డీపీ, డీఏ కూడా బ్యాంకు ద్వారా జరిగేవే. డీపీలో డబ్బు కట్టాకే కాగితాలు, డీఏలో ఒక గడువుకు కడతానని ఒప్పుకుంటే చాలు కాగితాలు ఇచ్చేస్తారు. అప్పు పెట్టేది డీఏలోనే అని గుర్తుంచుకోండి.

"బయానా", "అడ్వాన్సు" ఒకటేనా అని కూడా అడుగుతుంటారు. మాట వాడే మనిషిని బట్టి ఉంటుంది. బయానా అంటే బేరం ఖాయమైనందుకు గుర్తుగా ఇచ్చేది, కొనేవాడు వెనక్కి తగ్గితే తిరిగి రాదని చాలామంది అనుకుంటారు. "డిపాజిట్" అని ఇంగ్లిష్ చేస్తే, తిరిగి వచ్చే సొమ్మని అవతలివాళ్లు అనుకోవచ్చు. నేను "అడ్వాన్స్ పేమెంట్" అని చెప్పి, తిరిగి ఇస్తారా లేదా అన్నది వాళ్లిద్దరినీ తేల్చుకోమంటాను.

## "సరే", "చూద్దాం", "మీ ఇష్టం" అన్నవాటిని ఎలా చెప్పాలి?

ఈ మూడింటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది "సరే". కొనుగోలుదారు ధర చెబుతుంటే మన ఎగుమతిదారు తల ఊపుతూ "సరే, సరే" అంటాడు. అది "వింటున్నాను, చెప్పండి" అని. "యెస్, యెస్" అని చెప్పారా, ధర ఒప్పుకున్నట్టే లెక్క. వింటున్నానన్న అర్థంలో వచ్చిన సరేలను నేను అసలు అనువదించను. మొత్తం విన్నాక చివర్లో వచ్చే "సరే" ఉంటుంది చూడండి, అది ఒప్పుకోలు అని తోస్తే, "ఆ ధరకు ఒప్పుకున్నట్టేనా?" అని అడిగి, జవాబు విని చెబుతాను.

"మీ ఇష్టం" అన్నది బేరంలో చాలాసార్లు నొచ్చుకున్న మాట. "ఇంతకంటే నేను దిగలేను, ఇక మీరే ఆలోచించుకోండి" అని దాని భావం. "యాజ్ యు లైక్" అంటే మొత్తం వదిలేసినట్టు వినిపిస్తుంది. "ఐ లీవ్ ఇట్ టు యు, దిస్ ఈజ్ వేర్ ఐ స్టాండ్" అన్న ధోరణిలో చెబితే దగ్గరగా ఉంటుంది.

"చూద్దాం లెండి" మాత్రం మెత్తగానే వదిలేయండి. లోపల కాదన్న భావం ఉన్నట్టు మీకనిపించినా "నో" అనవద్దు. ఆయన తలుపు మూయకుండా ఉంచాలనుకున్నాడు, దాన్ని మీరు మూయకూడదు. ఇంగ్లిష్‌వాళ్లకూ ఇలాంటి మాటలున్నాయి. "వుయ్'డ్ స్ట్రగుల్ ఎట్ దట్ ప్రైస్" అంటే "ఆ ధరకు మాకు కష్టం" అని. అంతే మెత్తదనంతో తెలుగులో చెప్పండి.

## "మనం", "మేము" తేడా ఇంగ్లిష్‌లో పోతుంది కదా, ఏం చేయాలి?

పోతుంది, అందుకే మీరు దాన్ని నిలపాలి. "మనం బీమా చేయించుకుంటే మంచిది" అని ఎగుమతిదారు అంటే అందులో కొనేవాడూ ఉన్నాడు. "మేం చేయిస్తాం" అంటే ఖర్చు తనదే. ఇంగ్లిష్ "వి" ఈ రెండింటినీ కలిపేస్తుంది. అందుకని "యు అండ్ అస్ టుగెదర్" అనో "ద సెల్లర్స్ సైడ్" అనో తేల్చి చెప్పండి. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు ఇంకా కష్టం. కొనుగోలుదారు "వి నీడ్ ఇన్సూరెన్స్" అంటే మనమా, వాళ్లా అన్నది ఆయన్ను అడిగే తేల్చాలి. ఖర్చు ఎవరిదో ఆ ఒక్క అక్షరం మీద ఆధారపడుతుంది.

## ఒక పూర్తి బేరాన్ని మొదటి నుంచి చివరి దాకా చూపిస్తారా?

తేజ అనే రకం మిర్చి అమ్ముతున్న ఎగుమతిదారు ఇలా మొదలుపెట్టాడనుకుందాం: "తొడిమ తీసిన తేజ, ఇరవై ఎనిమిది టన్నులు, రెండు కంటెయినర్లు. చెన్నై ఎఫ్‌ఓబీ, టన్నుకు రెండు వేల నాలుగొందల యాభై డాలర్లు. ముప్పై శాతం ముందు వేస్తేనే సరుకు కట్టడం మొదలుపెడతాం. అడ్వాన్సు పడ్డ ఇరవై రోజులకు లోడింగ్. మిగతాది బిల్లు రాగానే పంపెయ్యాలి."

నా కాగితం మీద ఉండేది ఇంతే, ఒక్కో విషయం ఒక్కో వరుసలో:

తేజ, తొడిమ లేదు, 28 ట
2450 డా / ట, ఎఫ్‌ఓబీ చెన్నై
30% ముందు (లేకపోతే మొదలు కాదు)
అడ్వాన్సు + 20 రో, లోడింగ్ ?
70% బిల్లు ?

ఆ రెండు ప్రశ్న గుర్తులే ముఖ్యం. మాట వింటూ ఉండగానే అవి పెట్టేస్తాను. ఆయన ఆపగానే, ఇంగ్లిష్‌లో చెప్పే ముందు, అవతలి మనిషికి "ఒక్క స్పష్టత అడుగుతున్నాను" అని ఇంగ్లిష్‌లో చెప్పి తెలుగులో అడుగుతాను: "లోడింగ్ అంటే ఇక్కడ లారీనా, ఓడా? బిల్లు అంటే ఇన్వాయిసా, బీఎలా?" జవాబు: ఓడ, బీఎల్ కాపీ. "ఇరవై రోజులకా, లోపలా?" అంటే "లోపలే లెండి" అంటాడు. అప్పుడు మొత్తం ఇంగ్లిష్‌లో చెబుతాను. "వేస్తేనే" అన్న షరతును ముందుకు తెచ్చి గట్టిగా చెప్పడం మరచిపోను. తెలుగులో మొత్తం బరువు ఆ "నే" మీదే ఉంది.

కొనుగోలుదారు జవాబు: "ట్వంటీ త్రీ ఫిఫ్టీ, డెలివర్డ్ ఫెలిక్స్‌టో." నేను రేవా గోడౌనా అని అడుగుతాను. "పోర్ట్, సీఐఎఫ్" అంటాడు. తెలుగులో నేను "2,350" అని ముందు చెబితే ఎగుమతిదారు ముఖం వికసిస్తుంది, వంద డాలర్లే కదా తగ్గించాడని. అందుకే చోటును ముందు చెబుతాను: "ఫెలిక్స్‌టో రేవు వరకు కిరాయి, బీమా మీరే పెట్టుకుని, సీఐఎఫ్‌లో టన్నుకు 2,350 డాలర్లు." ఆయన కాగితం మీద లెక్క వేస్తాడు. కిరాయి, బీమా కలిపి టన్నుకు 120 డాలర్లు పడితే, ఎఫ్‌ఓబీ లెక్కలో అది 2,230. అంటే ఆయన అడిగినదానికి 220 తక్కువ. ఈ తీసివేత ఆయనది, నాది కాదు. నేను లెక్క కట్టి చెప్పకూడదు. లెక్కకు కావాల్సిన మాట చేరిందా లేదా అన్నదే నేను చూడాలి.

మూడు నాలుగు విడతల తర్వాత ఇద్దరూ ఎఫ్‌ఓబీ చెన్నైకి, టన్నుకు 2,380 డాలర్లకు వచ్చారనుకోండి. మొత్తం 66,640 డాలర్లు. ముప్పై శాతం అంటే 19,992. మిగతా 46,648 డాలర్లు బీఎల్ స్కాన్ కాపీ అందిన ఐదు రోజుల్లో టీటీ ద్వారా. అడ్వాన్సు ఎగుమతిదారు ఖాతాలో పడ్డ రోజు నుంచి ఇరవై రోజుల లోపు బీఎల్ తేదీ ఉండాలి. "ఖాతాలో పడ్డ రోజు" అన్నది కొనుగోలుదారు అన్న "వెన్ వి పే" నుంచి వచ్చింది కాదు. ఆయన డబ్బు పంపిన రోజు అనుకున్నాడు, ఈయన అందిన రోజు అనుకున్నాడు. బ్యాంకుల మధ్య డబ్బు రావడానికి పట్టే రోజులు ఎవరి లెక్కలోనూ లేవు. నేను "పంపిన రోజా, అందిన రోజా?" అని అడగబట్టి తేలింది.

## తప్పు చెప్పానని ఆ తర్వాత తెలిస్తే?

అప్పుడే చెప్పాలి. మాట్లాడుతున్న వ్యాపారి గొంతుతో కాకుండా మీ గొంతుతో, "దుభాషిగా ఒక దిద్దుబాటు చెబుతున్నాను" అని మొదలుపెట్టి, తప్పు అంకె, సరైన అంకె రెండూ రెండు భాషల్లోనూ చెప్పండి. మామూలుగా మనం చెప్పేవాడి తరఫున "నేను", "మేము" అనే మాట్లాడతాం కాబట్టి, ఇక్కడ మాత్రం ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేలా చెప్పాలి. ఒకసారి నేను పదిహేను శాతాన్ని యాభైగా విని చెప్పాను. రెండు మాటల తర్వాత ఎగుమతిదారు ఆశ్చర్యపోవడం చూసి పట్టుకున్నాను. సిగ్గుగా అనిపించింది, కానీ అప్పుడే దిద్దాను. ఎవరైనా తాము అన్నదానికి సరిపోని జవాబు ఇస్తే, వాళ్ల తెలివిని అనుమానించే ముందు మీరు చెప్పిన అంకెను అనుమానించండి.

## ఒకవైపువాళ్లు "ఇది చెప్పకు" అంటే?

మొదట్లోనే ఇద్దరికీ చెప్పి ఉంచండి: బల్ల దగ్గర గట్టిగా అన్నదంతా చెబుతానని, రహస్యం మాట్లాడాలంటే బయటకు వెళ్లి మాట్లాడుకోమని. అయినా ఎగుమతిదారు పక్కనున్న తన తమ్ముడితో "ఇంకో ముప్పై తగ్గించొచ్చురా" అని తెలుగులో గొణిగితే, అది మిమ్మల్ని ఉద్దేశించింది కాదు, కొనుగోలుదారును ఉద్దేశించిందీ కాదు. నేను దాన్ని చెప్పను. ఇంగ్లిష్‌వాళ్లు తమలో తాము గుసగుసలాడినా చెప్పను. నేను ఎవరి డబ్బుతో వచ్చినా ఈ నియమం మారదు.

## చివర్లో ఏం చేయాలి?

చేతులు కలిపే ముందు, టీ వచ్చే సమయంలో, నా కాగితం చూసి రెండు భాషల్లోనూ చదువుతాను: సరుకు, పరిమాణం, ధర, ఏ రేవు, అడ్వాన్సు ఎంత, మిగతాది దేని మీద, ఎన్ని రోజుల్లో, ఏ తేదీని బట్టి. చదువుతున్నప్పుడు ఎగుమతిదారు ముఖం, కొనుగోలుదారు ముఖం రెండూ చూస్తాను. ఎవరిదైనా కనుబొమ్మ కదిలితే ఆగి, ఆ వరుసను మళ్లీ చదువుతాను. ఆ రాత్రే ఒకరు ఇంకొకరికి మెయిల్ పంపుకోవాలని గుర్తుచేస్తాను. మెయిల్ నేను రాయను. రాసేది ఒప్పందం చేసుకున్నవాళ్లు. నా నోట్స్ కాగితాలు ఇద్దరూ చూస్తుండగానే చింపి పారేస్తాను. ఎందుకంటే అందులో వాళ్ల ధరలున్నాయి.